జిమ్ అలాగే ఉంది, మరి అడుగులు ఎటు పోయాయి?

ప్రశ్న: నా వయసు 36, ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. ఎనిమిది నెలల క్రితం వర్క్ ఫ్రమ్ హోమ్‌కి మారాను. అప్పుడు 74 ఉండేవాణ్ణి. తిండి ఏమీ మారలేదు. వారానికి నాలుగు రోజులు, 45 నిమిషాల చొప్పున జిమ్‌లో బరువులెత్తడం కూడా మానలేదు. అయినా 4 కిలోలు పెరిగాను. ఆన్‌లైన్ క్యాలిక్యులేటర్ నాకు రోజుకు 2,600 కేలరీలు కావాలంది. అందులో 500 తగ్గించి నెల రోజులుగా 2,100 తింటున్నాను. కాటా కదలట్లేదు. ఫోన్‌లో చూస్తే ఒకప్పుడు సగటున రోజుకు 9,500 అడుగులు, ఇప్పుడు 3,000. అడుగులతో ఎన్ని కేలరీలు పోతాయిలే అని పట్టించుకోలేదు. నా మెటబాలిజం మందగించిందా? థైరాయిడ్ టెస్ట్ చేయించుకోవాలా? ఇంకా తగ్గించి తినాలా?

జవాబు: ఇంకా తగ్గించకండి, ముందు ఆ మాట. మీరు రాసిన అంకెల్లో మెటబాలిజాన్ని అనుమానించాల్సిందేమీ కనిపించడం లేదు. అనుమానించాల్సింది ఆ 2,600నే. అది ఎలా వచ్చిందో చూస్తే మిగతా ముడులన్నీ వాటంతటవే విడిపోతాయి.

ఆ క్యాలిక్యులేటర్లు చాలావరకు రెండు పనులు చేస్తాయి. మొదట మీరు రోజంతా కదలకుండా పడుకుంటే ఎంత ఖర్చవుతుందో లెక్క వేస్తాయి. బరువును 10తో, ఎత్తును 6.25తో గుణించి కలిపి, వయసును 5తో గుణించి తీసేసి, మగవాళ్లకైతే ఒక 5 కలుపుతాయి. మీకు ఇది 1,680 వస్తుంది. ఈ భాగం మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. చాలామందికి వందా రెండొందల తేడాలో సరిపోతుంది. రెండో పని దగ్గరే చిక్కు. ‘మీరు ఎంత చురుగ్గా ఉంటారు?’ అని అడిగి, మీ జవాబును బట్టి 1.2తోనో, 1.375తోనో, 1.55తోనో గుణిస్తాయి. 1,680ని 1.55తో గుణిస్తే 2,604. అంటే మీరు ‘వారానికి 3 నుంచి 5 రోజులు వ్యాయామం’ అన్నదాన్ని నొక్కారన్నమాట. మీరు నిజమే చెప్పారు. కానీ ఆ అంకె జిమ్‌ గురించి మాత్రమే కాదు, రోజు మొత్తం గురించి.

1.55 అంటే పడుకుని ఉన్న ఖర్చు మీద ఇంకో 920 కేలరీలు. తిన్నది అరగడానికి పోయేది మొత్తంలో ఇంచుమించు పదో వంతు, 260 అనుకోండి. మిగిలిన 660 కదలిక వల్లే పోవాలి, అదీ ప్రతి రోజూ. మీ జిమ్ అందులో ఎంత ఇస్తుందో చూద్దాం.

బరువులెత్తే 45 నిమిషాల్లో చేతిలో బరువు ఉండే సమయం తక్కువ. ఒక సెట్ అరనిమిషమో, నిమిషమో. తర్వాత రెండు నిమిషాలు బెంచీ మీద కూర్చోవడం, బరువులు మార్చుకోవడం, నీళ్లు తాగడం. అన్నీ కలిపి సగటు తీస్తే విశ్రాంతిలో ఉన్నప్పటికి ఓ నాలుగు రెట్లు ఖర్చవుతుంది. అందులో ఒక రెట్టు ఇంట్లో ఊరికే కూర్చున్నా పోయేదే కాబట్టి అది తీసేయాలి. మూడు రెట్లు, 78 కిలోలు, ముప్పావు గంట. 175 కేలరీలు. నాలుగు రోజులకు 700. వారం మీద పంచితే రోజుకు 100. జిమ్ వల్ల కండ బలపడుతుంది, ఎముక గట్టిపడుతుంది, మానేయమని నేను అననే అనను. కానీ మీ లెక్కలో ఆ 660లో అది తెచ్చిపెట్టేది ఆరో వంతు కూడా కాదు. మిగతా 560 ఎక్కడి నుంచి రావాలి?

రోజులో మిగిలిన సమయం నుంచి. ఇక్కడే మీరు ‘ఎన్ని పోతాయిలే’ అన్న అడుగులు వస్తాయి.

చదునైన నేల మీద మామూలు వేగంతో నడిస్తే, కిలోమీటరుకు, ఒంటి బరువులో ప్రతి కిలోకు, అర కేలరీ అదనంగా ఖర్చవుతుంది. ఊరికే ఉన్నా పోయేది ఇందులో కలపలేదు, ఇది నికరంగా నడక ఖర్చు. మీ బరువుకు కిలోమీటరుకు 39. మీ ఎత్తు మనిషి అడుగు 70 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి వెయ్యి అడుగులంటే 700 మీటర్లు, అంటే 27 కేలరీలు. చూడ్డానికి ఏమీ లేదు. మీరు తీసిపారేయడంలో ఆశ్చర్యం కూడా లేదు. కానీ మీరు పోగొట్టుకున్నది వెయ్యి కాదు, రోజుకు 6,500. అంటే దాదాపు 180 కేలరీలు. అదీ సెలవు లేకుండా రోజూ కాబట్టి వారానికి 1,240 దాకా.

వారమంతా జిమ్‌లో కష్టపడి మీరు ఖర్చు పెట్టేది 700. మీకు తెలియకుండా జారిపోయింది 1,240. జిమ్ ఒక్కరోజు కూడా మానకపోయినా, కదలిక లెక్కలో మీరు జిమ్ పూర్తిగా మానేసిన మనిషి కంటే వెనకబడ్డారు.

ఇది ఎవరికీ తట్టకపోవడానికి కారణం ఉంది. జిమ్‌కి టైము ఉంటుంది, చెమట ఉంటుంది, మర్నాడు నొప్పులుంటాయి. అందుకని గుర్తుంటుంది. ఆఫీసులో పడిన అడుగులు ఎవరికి గుర్తుంటాయి? బండి ఆపిన చోటు నుంచి లిఫ్ట్ దాకా, లిఫ్ట్ నుంచి సీటు దాకా, మీటింగ్ రూముకి, అది ఖాళీ లేక పై అంతస్తులో ఇంకో రూముకి, క్యాంటీన్‌కి, ప్రింటర్ దగ్గరికి, పక్క టీమ్‌లో ఎవరితోనో మాట్లాడ్డానికి. వీటిలో ఒక్కటీ వ్యాయామం కాదు. ఎవరైనా అడిగితే ‘రోజంతా కూర్చునే ఉద్యోగమండీ’ అనే చెప్పి ఉంటారు మీరు. ఇప్పుడు మంచం నుంచి టేబుల్‌కి పదిహేను అడుగులు, టేబుల్ నుంచి వంటగదికి ఇరవై. మీటింగ్ నుంచి మీటింగ్‌కి వెళ్లాలంటే ఒక క్లిక్.

పైగా అడుగులు ఒంటరిగా రావు. నడిచే మనిషి మధ్యలో నిలబడతాడు, మెట్లెక్కుతాడు, బ్యాగు మోస్తాడు, వంగుతాడు, లేస్తాడు. ఫోన్ వీటిలో చాలావాటిని లెక్కపెట్టదు. అడుగులు తగ్గినప్పుడు ఇవీ తగ్గుతాయి. వీటికి రోజుకో 60 వేసుకుందాం. ఇది నా అంచనా, కొలిచింది కాదు. మొత్తం 240 అయింది.

రోజుకు 240 కేలరీలు మిగిలితే ఎనిమిది నెలల్లో 4 కిలోలు పెరుగుతాయా? కిలో కొవ్వుకి 7,700 కేలరీలు అనే లెక్క మీరూ వినే ఉంటారు. దాంతో భాగిస్తే ఏడున్నర కిలోలు వస్తుంది. మీరు అంత పెరగలేదు, ఎవరూ అలా పెరగరు. ఎందుకంటే బరువు పెరిగేకొద్దీ ఆ బరువును మోయడానికి, నిలుపుకోవడానికి ఖర్చు కూడా పెరుగుతుంది, మిగులు రోజురోజుకీ చిక్కిపోతుంది. కెవిన్ హాల్, ఆయన సహచరులు 2011లో లాన్సెట్ పత్రికలో ఇంతకంటే నమ్మదగిన లెక్క ఒకటి ఇచ్చారు. రోజుకు సుమారు 24 కేలరీల తేడా శాశ్వతంగా ఉండిపోతే చివరికి ఒక కిలో మారుతుంది. ఆ మార్పులో సగం రావడానికి ఏడాది పడుతుంది, దాదాపు పూర్తి కావడానికి మూడేళ్లు. ఆ ప్రకారం 240కి చివరికి 10 కిలోలు, మొదటి ఏడాదిలో 5, ఎనిమిది నెలలకు మూడున్నరకు పైన. మీ కాటా చెప్పింది 4. ఇంత దగ్గరగా కలవడంలో కొంత అదృష్టం కూడా ఉంది, ప్రతివాళ్లకీ ఇలా కలవదు. కానీ తిండి మారకుండా బరువెలా పెరిగిందన్న దానికి థైరాయిడ్ దాకా వెళ్లకుండానే సమాధానం దొరికింది.

ఇక రెండో ముడి, 2,100 తింటున్నా కాటా కదలకపోవడం. ఇప్పటి మీ ఖర్చును క్యాలిక్యులేటర్ లేకుండా మనమే కూడదాం. పడుకుని ఉన్నా పోయేది 1,680. అరుగుదలకు 215. మూడు వేల అడుగులకు 80. జిమ్‌కి రోజువారీ సగటు 100. కూర్చోవడం, నిలబడటం, స్నానం, ఇంటి పనులు, కాళ్లూ చేతులూ ఆడించడం, వీటన్నిటికీ కలిపి 145 వేద్దాం. మొత్తం 2,220. మీరు 500 తగ్గించాననుకున్నారు. నిజానికి తగ్గింది 120.

120 చొప్పున నెలకు 3,600, అంటే అరకిలో లోపు. ఉప్పు ఎక్కువ తిన్న మర్నాడు, కాళ్ల వ్యాయామం గట్టిగా చేసిన మర్నాడు ఒంట్లో చేరే నీళ్లే కిలో దాకా అటూ ఇటూ అవుతాయి. అందులో అరకిలో కనబడదు. తిన్నదాన్ని రాసుకోవడంలో చారెడు నూనో, నిలబడి నోట్లో వేసుకున్నదో తప్పిపోతే ఆ 120 కూడా మిగలదు. మీ నిజాయితీని శంకించి అనట్లేదు. రాసుకునేవాళ్లందరికీ అది తప్పదు.

ఇంకో సంగతి మీరే చూసుకోవాలి. ఫోన్‌లో నెలవారీ గ్రాఫ్ తెరిచి, తిండి తగ్గించిన తేదీకి ముందు నాలుగు వారాల సగటు, తర్వాత నాలుగు వారాల సగటు పక్కపక్కన పెట్టండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి రెండోది తక్కువగా ఉంటుంది. తిండి తగ్గితే ఒళ్లు కదలికను మనల్ని అడక్కుండానే తగ్గించేస్తుంది. లేచి వెళ్లి తెచ్చుకునేది ‘తర్వాత చూద్దాంలే’ అవుతుంది. ఫోన్ మాట్లాడుతూ తిరిగే మనిషి కూర్చుని మాట్లాడతాడు. దీని అసలు రూపం 1944, 45లలో అమెరికాలోని మిన్నెసోటాలో యాన్సెల్ కీస్ చేసిన ప్రయోగంలో బయటపడింది. 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు తిండిని సగానికి దగ్గరగా కోసేస్తే, వాళ్లు బరువుతో పాటు కదలాలన్న కోరికను కూడా పోగొట్టుకున్నారు. మీది దానితో పోల్చదగ్గ కోత కానే కాదు. కానీ అదే ధోరణి చిన్న మోతాదులో ప్రతి డైటింగ్‌లోనూ ఉంటుంది. ఇంకా తగ్గించకండి అని మొదట్లోనే అన్నది అందుకే. 1,800కి దిగితే మీరు తినడం తగ్గిస్తారు, మీ కాళ్లు తిరగడం తగ్గిస్తాయి.

దీనికి తలకిందులుగా జరిగిన ప్రయోగం ఒకటుంది. మనిషికీ మనిషికీ ఈ విషయంలో ఎంత తేడా ఉంటుందో దాన్ని మించి చెప్పేది నాకు తెలియదు. మేయో క్లినిక్‌లో జేమ్స్ లెవీన్ బృందం 16 మందికి, ఎనిమిది వారాల పాటు, ప్రతి రోజూ అవసరం కంటే 1,000 కేలరీలు ఎక్కువ పెట్టింది. వ్యాయామం చేయకూడదు. అందరికీ ఒకే మిగులు. అయినా చివరికి ఒకరికి కొవ్వు పెరిగింది అరకిలో కూడా కాదు, మరొకరికి నాలుగు కిలోలకు పైన. ఫలితాలు 1999లో సైన్స్ పత్రికలో వచ్చాయి. తేడా ఎక్కడుందని వెతికితే అది వ్యాయామం కాని కదలికలో దొరికింది. తిండి పెరిగేసరికి కొందరు తమకు తెలియకుండానే ఎక్కువ కదిలారు, ఒకరిలో ఆ ఖర్చు రోజుకు దాదాపు 700 కేలరీలు పెరిగింది. మరొకరిలో పెరగకపోగా వంద దాకా తగ్గింది. ఎవరికి కొవ్వు పడుతుందో చెప్పిన అంశం అదే. ‘వాడెంత తిన్నా లావవడు’ అని మనం అసూయపడే స్నేహితుణ్ణి ఓ గంట గమనించండి. వాడు కుర్చీలో ఐదు నిమిషాలు కుదురుగా ఉండడు.

ఇన్ని అంకెలు చెప్పాక, వాటిని ఎంతవరకు నమ్మాలో కూడా చెప్పాలి. ముందుగా మీ 3,000. ఆఫీసుకి వెళ్లే రోజుల్లో ఫోన్ మీ జేబులో ఉండేది. ఇప్పుడు అది టేబుల్ మీద చార్జింగ్‌లో ఉంటుంది, మీరు వంటగదికీ బాల్కనీకీ అది లేకుండానే వెళ్లొస్తారు. కాబట్టి మీ అసలు అంకె 3,000 కంటే ఎక్కువే ఉండొచ్చు. మూడు రోజులు నిద్ర లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఫోన్ జేబులో ఉంచుకుని చూడండి. 4,000 వచ్చిందనుకోండి, మీరు పోగొట్టుకున్నది 6,500 కాదు, 5,500. కథ మారదు, అంకె కాస్త చిన్నదవుతుంది. చేతి వాచీ వాడితే దాని తప్పులు వేరు. చేతులు ఊపుతూ మాట్లాడినా అడుగులంటుంది, ట్రాలీ తోస్తూ నిజంగా నడిస్తే వదిలేస్తుంది. ఒకసారి నోటితో లెక్కపెడుతూ 200 అడుగులు నడిచి అది ఎంత చూపిస్తుందో చూస్తే దాని సంగతి తెలిసిపోతుంది. అడుగుల వరకు పర్వాలేదు కానీ, వాచీ చూపించే కేలరీలను మాత్రం నమ్మకండి. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు వాచీలను పరీక్షిస్తే, కేలరీల విషయంలో అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది.

రెండోది, కాగితం మీద కూడిన కదలికంతా ఒంటి ఖర్చులో పూర్తిగా కనబడదు. ఒకచోట ఎక్కువ ఖర్చు పెడితే శరీరం ఇంకోచోట కొంత పొదుపు చేస్తుంది. 2021లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో, 1,754 మంది పెద్దవాళ్ల కొలతలను బట్టి చూస్తే ఈ పొదుపు సగటున 28 శాతం ఉంది. అంటే 100 కేలరీల నడకకు రోజు మొత్తంలో నికరంగా పెరిగేది 72. అందుకే ఇక ముందు లెక్కల్లో నడకకు వచ్చినదాన్ని ముప్పావుగానే వేసుకుందాం.

ఈ పొదుపు ఎలా ఉంటుందో కళ్లారా చూడాలంటే జిమ్‌కి వెళ్లిన రోజుల అడుగులనూ, వెళ్లని రోజుల అడుగులనూ విడివిడిగా సగటు తీయండి. జిమ్ రోజున తక్కువ ఉంటే ఆశ్చర్యపోకండి. ‘ఈరోజు చేసేశాంగా’ అని సోఫాలో కూలబడటం మనిషికి చాలా సహజం. 175 కేలరీల జిమ్ తర్వాత ఆ రోజు రెండు వేల అడుగులు తగ్గితే, 50 వెనక్కి ఇచ్చేసినట్టే.

ఇక చేయాల్సింది. తిండి 2,100 దగ్గరే ఉంచండి. అడుగులను 8,000కి తీసుకెళ్లండి, ఒక్కసారిగా కాదు. మొదటి వారం 5,000, రెండో వారం 6,500, మూడో వారం నుంచి 8,000. ఎనిమిది నెలలు కూర్చున్న మడమలు, మోకాళ్లు ఒకేసారి అంత నడకకు ఒప్పుకోవు. 10,000 అన్న అంకెకు ప్రత్యేక మహిమ ఏమీ లేదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక పెడోమీటర్ పేరులో ఆ అంకె ఉండటంతో అది ప్రచారంలోకి వచ్చింది. మీకు 8,000 ఎందుకంటే, ఇంట్లో ఉండి చేరగలిగేది, లెక్కకు సరిపోయేది అదే కాబట్టి.

అదనంగా వచ్చే 5,000 అడుగులంటే, నిమిషానికి వంద చొప్పున, 50 నిమిషాలు. దాన్ని ఒకే ముక్కగా సాయంత్రానికి పెట్టుకోవద్దని నా సలహా. కేలరీల లెక్కలో తేడా ఏమీ ఉండదు. కానీ సాయంత్రం ఒక మీటింగ్ సాగితే ఆ రోజు మొత్తం పోతుంది. పొద్దున లాగిన్ అయ్యే ముందు పది నిమిషాలు బయట తిరిగి రండి, పాత రోజుల్లో ఆఫీసుకి వెళ్లినట్టే. మూడు పూటలా తిన్నాక పది నిమిషాలు. ఇక్కడికి నాలుగు వేలు. మిగిలిన వెయ్యి ఫోన్ కాల్స్‌లో వస్తుంది. కెమెరా అక్కర్లేని, వినడానికే ఉన్న కాల్ రోజుకొకటైనా ఉంటుంది కదా, అది కుర్చీలో వినకండి.

నిలబడి పని చేసే టేబుల్ కొనాలా అని అడగబోతున్నారేమో. నడుము నొప్పికి అది పనికొస్తే కొనండి. కేలరీల కోసమైతే వద్దు. 65 కిలోల మనిషి ఆరు గంటలు కూర్చునే బదులు నిలబడితే అదనంగా పోయేది 54 కేలరీలు. మీకు రెండు వేల అడుగులకు, అంటే ఇరవై నిమిషాల నడకకు అంతే పోతుంది. ఆరు గంటలు నిలబడటం కంటే ఇరవై నిమిషాలు నడవడం తేలిక.

5,000 అడుగులకు లెక్క ప్రకారం 135, ముప్పావు వేస్తే 100. మీ ఖర్చు 2,220 నుంచి 2,320 అవుతుంది. 2,100 తింటే రోజుకు 220 లోటు. వారానికి 200 గ్రాములు. ఇది నిదానం, ఒప్పుకుంటాను. ఆ 4 కిలోలు పోవడానికి ఆరు నెలలో, ఇంకాస్త ఎక్కువో పడుతుంది. వచ్చిన దారి కూడా ఎనిమిది నెలలదే. నడిచాను కదా అని ఆ 100 కేలరీలను తిరిగి తినకండి, వాచీ ఎంత చూపించినా సరే. వాటిని ఇప్పటికే లెక్కలో వేసేశాం.

థైరాయిడ్ సంగతి. విడవని నీరసం, చలి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, గొంతు బొంగురుపోవడం లాంటివి ఉంటే, లేదా ఇంట్లో ఎవరికైనా ఆ సమస్య ఉంటే, డాక్టర్‌ని కలిసి టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోండి. చిన్న రక్తపరీక్ష. అది తేలిపోతే మనసులో టెన్షన్ కూడా పోతుంది. కానీ థైరాయిడ్ తగ్గినప్పుడు పెరిగే బరువులో ఎక్కువ భాగం ఉప్పూ నీరూనే. ఈ లక్షణాలేవీ లేకుండా, అడుగులు మూడో వంతుకు పడిపోయిన మనిషిలో నేను మొదట చూసేది అడుగులనే. షుగర్‌కి ఇన్సులిన్‌ గానీ మాత్రలు గానీ వాడుతున్నా, గుండె జబ్బు ఉన్నా, నడక పెంచే ముందు మీ డాక్టర్‌తో ఒక మాట చెప్పండి. తిన్నాక నడిస్తే షుగర్ తగ్గుతుంది, మందు మోతాదు చూసుకోవాల్సి రావచ్చు.

వారానికి 200 గ్రాములన్నది రోజువారీ కాటాలో ఎప్పటికీ కనిపించదు. కాబట్టి పొద్దున్నే, బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినక ముందు బరువు చూసి రాసుకోండి. ఏ రోజు అంకెనూ పట్టించుకోకండి, ఏడు రోజుల సగటు తీయండి. 8,000 అడుగులు మొదలైన వారం సగటునూ, దాంతో కలిపి లెక్కపెడితే నాలుగో వారం సగటునూ పోల్చండి. 600 గ్రాముల దరిదాపుల్లో తగ్గితే లెక్క సరిగ్గా నడుస్తోంది, ఏమీ మార్చకండి. ఏమీ తగ్గకపోతే, ముందు ఆ నాలుగు వారాల అడుగుల సగటు నిజంగా 8,000 ఉందో లేదో చూడండి. ఆదివారాలు దాన్ని కిందికి లాగేస్తుంటాయి. అది ఉంది కూడా అయితే, మీ ఖర్చు నేను వేసినదాని కంటే తక్కువన్నమాట. అప్పుడు తిండిలో ఒక 150 తగ్గించండి, లేదా అడుగులు ఇంకో 2,000 పెంచండి. రెండూ కలిపి చేయకండి, చేస్తే ఏది పనిచేసిందో మీకు తెలియదు. ఆ కొత్త అంకెలతో మళ్లీ నాలుగు వారాలు చూసి, అప్పుడు నాకు రాయండి.